ఒత్తిడి, కార్టిసాల్ – ఇంట్లో రోగిని చూసుకునేవారి సంగతి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం "మానసిక ఒత్తిడి – ఆరోగ్యం". అరగంటలో అంతా చెప్పబోతే ఏదీ చెప్పినట్టుండదు. అందుచేత ఒక్క కొస మాత్రం పట్టుకుంటాను. ఇంట్లో మంచాన పడ్డ మనిషినో, మతిమరుపు జబ్బు వచ్చిన మనిషినో ఏళ్ళ తరబడి చూసుకునేవారి ఒంట్లో ఏం జరుగుతుందన్నదే ఆ కొస. అలాంటివారు ఈ హాల్లో కూడా ఉన్నారు. మీటింగు మధ్యలో రెండుసార్లు బయటికి వెళ్ళి ఇంటికి ఫోను చేసి వచ్చేవారు వారే.

నేను మెడికల్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఫిజియాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి. ప్రాక్టీసు పెట్టినవాణ్ణి కాను. అయినా డాక్టరన్న పేరుంది కాబట్టి ఇరుగుపొరుగు వాళ్ళు రిపోర్టులు పట్టుకొస్తూనే ఉంటారు. అలా వచ్చిన మిత్రుడొకరున్నారు. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యారు, వయస్సు అరవై ఎనిమిది. ఆయన భార్యకు అల్జీమర్స్ జబ్బు వచ్చి నాలుగేళ్ళు. ఆవిడ పగలంతా నెమ్మదిగానే ఉంటారు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో లేచి, "మా అమ్మ ఎదురు చూస్తోంది, వెళ్ళాలి" అంటూ గేటు గొళ్ళెం తీస్తారు. ఆయన ఒక చెవి గేటు మీద పెట్టే నిద్రపోతారు. నాలుగేళ్ళుగా అదే నిద్ర.

ఆయన నా దగ్గరికి వచ్చింది కాలి పుండు చూపించడానికి. గేటు రేకు తగిలి మోకాలి కింద చర్మం గీరుకుంది, ఆరువారాలైనా మానలేదు. మాటల్లో మిగతావీ బయటపడ్డాయి. స్కూటరు తాళం ఎక్కడ పెట్టారో మరిచిపోతున్నారు. జీవితమంతా అంకెలతో బతికిన మనిషి, పాసుబుక్కులో కూడిక రెండుసార్లు చేస్తే రెండు మొత్తాలు వస్తున్నాయి. కోడలి మీద ఊరికే కసురుకుంటున్నారు, తరువాత బాధపడుతున్నారు. చివరికి గొంతు తగ్గించి, "మాస్టారూ, ఆ జబ్బు నాకూ వస్తోందేమో" అన్నారు.

ముందు ఒంట్లో జరిగేది చెబుతాను. గేటు చప్పుడు వినగానే మొదట పనిచేసేవి నరాలు, అడ్రినలిన్. క్షణాల్లో గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది. దాని వెనకాలే రెండో ఏర్పాటు నింపాదిగా మొదలవుతుంది. మెదడు అడుగున ఉన్న హైపోథలమస్ పక్కనున్న పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. పిట్యూటరీ నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోను రక్తంలోకి వెళుతుంది. కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు దాన్ని అందుకుని కార్టిసాల్ తయారు చేస్తాయి. ఇది రక్తంలో పతాక స్థాయికి చేరడానికి సుమారు ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. అంటే ఆయన భార్యను లోపలికి తీసుకొచ్చి, పడుకోబెట్టి, తానూ పడుకునే వేళకి ఆయన ఒంట్లో కార్టిసాల్ బాగా పెరిగి ఉంటుంది. ఆవిడ నిద్రపోతారు, ఈయనకు నిద్ర పట్టదు.

కార్టిసాల్ విషమేమీ కాదు. అది లేకపోతే మనిషి బతకడు. రోజూ తెల్లవారుజామున పెరిగి, నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు ఎక్కువై, సాయంత్రానికి తగ్గి, అర్ధరాత్రికి బాగా అడుగంటుతుంది. రక్తంలో చక్కెర అందుబాటులో ఉంచడం, బీపీ నిలబెట్టడం, వాపును అదుపులో పెట్టడం దాని పనులు. మేడమీద నీళ్ళ ట్యాంకు నిండగానే తేలే బంతి పైకొచ్చి మోటారు ఆపే ఏర్పాటు కొన్ని ఇళ్ళల్లో ఉంటుంది కదా. ఇక్కడ ఆ బంతి పనిని హైపోథలమస్, పిట్యూటరీ, హిప్పోకాంపస్ కలిసి చేస్తాయి. ట్యాంకు నిండిందని కార్టిసాలే వెళ్ళి చెబుతుంది, మోటారు ఆగుతుంది. వీటిలో హిప్పోకాంపస్‌కి ఇంకో ఉద్యోగం కూడా ఉంది. కొత్త సంగతులను జ్ఞాపకంలో నమోదు చేసే గుమాస్తా అదే. చిక్కంతా అక్కడుంది. ఏళ్ళ తరబడి కార్టిసాల్ ఎక్కువగా తగిలితే దాని కణాల కొమ్మలు కుదించుకుపోతాయని జంతువుల మీద పరిశోధనల్లో స్పష్టంగా చూశారు. అప్పుడు జ్ఞాపకమూ తగ్గుతుంది, మోటారు ఆపే శక్తీ తగ్గుతుంది.

మనుషుల్లో చూస్తే, 1998లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు వృద్ధులను కొన్నేళ్ళు గమనించారు. కార్టిసాల్ ఏటేటా పెరుగుతూ, ఎక్కువగానే నిలిచినవారిలో హిప్పోకాంపస్ మిగతావారికంటే 14 శాతం చిన్నగా ఉంది, జ్ఞాపక పరీక్షల్లోనూ వెనకబడ్డారు. అయితే చూసినవారి సంఖ్య చాలా తక్కువ, కాబట్టి దాన్ని శిలాశాసనంగా తీసుకోకూడదు. ఊరట కలిగించే సంగతి ఇంకొకటుంది. కుషింగ్స్ అనే జబ్బులో శరీరం కార్టిసాల్‌ను అతిగా తయారు చేస్తుంది. దానికి చికిత్స చేసి కార్టిసాల్ తగ్గించాక, అలాంటి రోగుల్లో హిప్పోకాంపస్ పరిమాణం కొంత తిరిగి పెరిగినట్టు 1999లో ప్రచురించారు. అంటే జరిగిన నష్టమంతా శాశ్వతం కాదు.

ఇక పుండు సంగతి. 1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జానిస్ కీకోల్ట్ గ్లేసర్, ఆమె సహచరులు చేసిన ప్రయోగం చూడండి. మతిమరుపు జబ్బున్న బంధువును ఇంట్లో చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, వయస్సులోనూ ఆదాయంలోనూ వారికి సరిపోలే మరో 13 మందిని తీసుకున్నారు. సగటు వయస్సు అరవై పైనే. అందరికీ చేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం డాక్టర్లే చేశారు. దాన్ని ఫోటోలు తీస్తూ, దాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి చూస్తూ వచ్చారు. నురగ వస్తే ఇంకా మానలేదని, నురగ రాకపోతే మానిందని లెక్క. రెండో జట్టుకు సగటున 39 రోజులు పట్టింది. రోగిని చూసుకునేవారికి దాదాపు 49 రోజులు. అంత చిన్న గాయానికి తొమ్మిది రోజులు పైన!

ఎందుకంటే గాయం మానాలంటే ముందు అక్కడికి తెల్లకణాలు చేరి, సంకేత రసాయనాలు విడుదల చేసి, కొంచెం వాపు తెప్పించాలి. కార్టిసాల్ అనుమతి ఇవ్వకపోతే ఆ పని మందగిస్తుంది. అదే పరిశోధకులు మరుసటేడు, అంటే 1996లో, భార్యనో భర్తనో చూసుకుంటున్న వృద్ధులకు ఫ్లూ టీకా వేసి చూస్తే వారిలో యాంటీబాడీలు మిగతావారికంటే తక్కువగా తయారయ్యాయి. అలాగని టీకా వ్యర్థం అనుకోకండి. వేయించుకోవలసినవారిలో వారు ముందు వరుసలో ఉండాలి.

మీలో ఒక సందేహం రావాలి. కార్టిసాల్ వాపును తగ్గించేదైతే, ఒత్తిడిలో ఉన్నవారికి కీళ్ళనొప్పులు, ఆయాసాలు తగ్గాలి కదా? కానీ దీర్ఘకాలం నడిస్తే రోగనిరోధక కణాలు కార్టిసాల్ మాట వినడం మానేస్తాయి. రోజూ అరిచే మేనేజరును సెక్షను పట్టించుకోనట్టు. అప్పుడు లోలోపల సన్నటి వాపు ఆరకుండా రగులుతూ ఉంటుంది. ఈ సన్నటి వాపుకు, మనసు దిగులుగా ఉండటానికి సంబంధముందని తరువాతి పరిశోధనల్లో తేలింది. నిద్ర లేమి దీనికి తోడవుతుంది. మా మిత్రుని చిరాకు స్వభావదోషం కాదని కోడలికి నేను చెప్పగలిగింది ఈ లెక్కతోనే.

ఇంకొక తప్పు నమ్మకం ఉంది. ఒత్తిడంటే రక్తంలో కార్టిసాల్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటుందనుకుంటారు. ఏళ్ళు గడిచాక కొందరిలో పొద్దున పెరగవలసినంత పెరగదు, రాత్రి తగ్గవలసినంత తగ్గదు. కొండలా ఉండవలసిన గీత చదునైపోతుంది. అందుచేత ఒక్కసారి రక్తం తీసి కార్టిసాల్ చూపించుకుని "నాకు ఒత్తిడి లేదు" అనుకోవడంలో అర్థం లేదు. ఆ పరీక్ష అడ్రినల్, పిట్యూటరీ జబ్బులకు పనికొస్తుంది.

అయితే అన్నిటినీ ఒత్తిడి ఖాతాలో రాయకూడదు. మిత్రుణ్ణి నేను ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. మానని పుండంటే మొదట చూడవలసింది షుగరు. అది మామూలుగానే ఉంది. కాలి నాడి బాగానే కొట్టుకుంటోంది. థైరాయిడ్ సరిగ్గా ఉంది. బి-12 విటమిన్ మాత్రం తక్కువ, దానికి ఇంజక్షన్లు ఇచ్చారు. డాక్టరు గారు ఇంకో ప్రశ్న వేశారు: "నొప్పులకు పొడులు, బిళ్ళలు ఏమైనా వాడుతున్నారా?" ఆయన వాడటం లేదు. కానీ మనలో వాడేవారున్నారు. మోకాళ్ళ నొప్పులకు పేరు లేని పొట్లాల్లో ఇచ్చే మందులు కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు. స్టెరాయిడ్ కార్టిసాల్ జాతి మందే. ఆకలి పెరుగుతుంది, మొదట హుషారు వస్తుంది, ముఖం గుండ్రమవుతుంది, షుగరు పెరుగుతుంది, చర్మం పలచబడి తాకితే కమిలిపోతుంది. వారాల తరబడి వాడినవారు ఒక్కసారిగా ఆపకూడదు. సొంత గ్రంథులు పని మరిచిపోయి ఉంటాయి కనుక నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం జరిగి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరుకు నిజం చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

మతిమరుపు గురించి ఆయన భయానికి డాక్టరు గారు చెప్పిన జవాబు నాకు నచ్చింది. ఐదు మాటలు చెప్పి కాసేపటికి అడిగితే ఆయన రెండే చెప్పారు. "ఒకటి పండు, ఒకటి పనిముట్టు" అని కొస అందిస్తే మిగతావీ చెప్పారు. అంటే లోపల నమోదైంది, తీయడమే కష్టమవుతోంది. ఆయన భార్యకు కొస అందించినా రాదు, మాటలు చెప్పారన్న సంగతే ఉండదు. పైగా తన మతిమరుపు గురించి ఆయనే బెంగపడుతున్నారు. ఆవిడ గురించి ఇంట్లోవాళ్ళు బెంగపడ్డారు. ఈ తేడా ఒక్కటే నిర్ధారణకు చాలదు, ఆరు నెలలకు మళ్ళీ చూస్తామన్నారు. దిగులుకు సంబంధించిన ప్రశ్నలూ అడిగి, ఒక మందు రాశారు. ఆయన మొదట వాడనన్నారు. బీపీ బిళ్ళ మింగినప్పుడు లేని నామోషీ దీనికెందుకని నేను కాస్త గట్టిగానే అడిగాను.

అసలు మార్పు రాత్రుళ్ళలో వచ్చింది. వారానికి రెండు రాత్రులు కొడుకు, ఒక రాత్రి డబ్బిచ్చి పెట్టుకున్న ఆయా ఆవిడ గదిలో పడుకునేలా ఏర్పాటు చేశారు. ఆ మూడు రాత్రులు ఈయన మేడమీద, గేటు చప్పుడు వినపడని గదిలో. మొదటి రెండు వారాలు అక్కడా ఒంటిగంటకు మెలకువ వచ్చేదట. ఒంటికి అలవాటైపోయింది మరి. మూడో వారానికి నిద్ర పట్టింది. గేటుకు గొళ్ళెం తీసి, ఆవిడ చేతికి అందనంత ఎత్తులో వేరే రకం బిగించారు. అది ఖర్చు లేని పని, నాలుగేళ్ళ క్రితమే చేయవలసింది.

పుండు మరో మూడు వారాల్లో మానింది. బి-12 వల్లనా, నిద్ర వల్లనా, దాని కాలం తీరి మానిందా అంటే నేను చెప్పలేను. ఒక్క మనిషితో అది తేలదు, ఒహాయో వాళ్ళు 26 మందిని తీసుకున్నది అందుకే. ఆరు నెలల పరీక్షలో ఐదు మాటల్లో నాలుగు సొంతంగా చెప్పారు. ఆవిడ జబ్బు ముదురుతూనే ఉంది. ఈ మధ్య పాసుబుక్కు తీసుకొచ్చి, కూడిక ఒక్కసారే చేశానని, అందులోనూ బ్యాంకువాళ్ళ తప్పు ఒకటి పట్టుకున్నానని చూపించి వెళ్ళారు.

ప్రశ్నలేవైనా ఉంటే అడగండి. నలుగురిలో అడగడానికి ఇబ్బందైతే టీ దగ్గర అడగవచ్చు.