మొదటి పలుకులు, నిండు మర్యాద

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) ఒక స్త్రీని వివాహమాడదలచినపుడు, ముందు ఆమెను చూడమని, ఇరువురి మధ్య అనురాగం నిలవడానికి అది తోడ్పడుతుందని దైవప్రవక్త (స) హితవు చెప్పారు. పరాయి స్త్రీతో పురుషుడు ఏకాంతంలో ఉండరాదని కూడా వారే వారించారు. అంటే పరిచయానికి అనుమతి ఉంది, ఏకాంతానికి లేదు. పెద్దలు రిష్తా చూసి పిల్లలకు ఫోన్ నంబర్లు ఇచ్చే ఈ రోజుల్లో ఈ రెండు బోధనలనూ కలిపి ఆచరించవలసి ఉంది.

మా దృష్టికి వచ్చిన ఒక సంబంధం గురించి చెబుతాము. అబ్బాయి సౌదీలో ఉద్యోగి, అమ్మాయి ఇక్కడ ఉపాధ్యాయిని. మొదటి మూడు రోజులు సలాములతో, యోగక్షేమాలతో, ఆమె బడి పిల్లల ముచ్చట్లతో సంభాషణ హాయిగా సాగింది. ఆ తరువాత అతని సందేశాలు రాత్రి పదకొండుకు రాసాగాయి. అక్కడ అప్పుడు ఎనిమిదిన్నరే, అతడు పని ముగించుకొని గదికి చేరే వేళ. అతని మనసులో చెడు లేదు. కాని ఆ వేళ జవాబివ్వడానికి ఆమె సంకోచించింది. ఆలస్యాన్ని అతడు అయిష్టమనుకున్నాడు. చనువు కోసం ‘మీరు’ను ‘నువ్వు’ చేశాడు, మరో ఫోటో పంపమన్నాడు. ఆమె మౌనం వహించింది. అతనికది గర్వంగా, ఆమెకు అతని తీరు అగౌరవంగా తోచాయి.

అమ్మాయి అన్నయ్య ఎవరినీ నిందించలేదు. శుక్రవారం అస్ర్ నమాజు తరువాత, అబ్బాయికి సెలవు ఉండే వేళ, తాను అదే గదిలో కూర్చొని మాట్లాడించాడు. అబ్బాయి ముందుగా క్షమాపణ కోరాడు. అమ్మాయి అడగవలసినదే అడిగింది: “నికాహ్ తరువాత నేను ఎక్కడ ఉండాలండీ?” అతడు దాచలేదు. “కుటుంబాన్ని తెచ్చుకునే వీసా నాకు ఇంకా లేదండీ. చెల్లెలి పెళ్లి అప్పు కూడా ఉంది. రెండేళ్లు మీరు మా అమ్మానాన్నల దగ్గర ఉండవలసి వస్తుంది” అన్నాడు.

హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన సంబంధాల గురించి అడిగినపుడు, ఒకరికి ధనం లేదన్న సంగతిని దైవప్రవక్త (స) దాచకుండా చెప్పారు. నికాహ్‌కు ముందు పలికే సత్యం పరనింద కాదు, అది అమానత్.

ఆ అమ్మాయి రెండు రోజులు ఆలోచించి, ఎడబాటును తాను భరించలేనని అన్నయ్య ద్వారా సగౌరవంగా తెలియజేసింది. అబ్బాయి ఆమె మేలు కోసం దుఆ చేసి, ఫోటోలు, సందేశాలు తొలగించాడు. ఆమె మాటలను ఎవరి ముందూ ఎత్తలేదు. సంబంధం కుదరలేదు, కాని ఏ ఇంటి పరువూ పోలేదు.

కనుక తల్లిదండ్రులారా! నంబరు ఇచ్చిననాడే మాట్లాడే వేళను, తోడుండే మనిషిని, జవాబు చెప్పవలసిన గడువును నిర్ణయించండి. యువకులారా! నికాహ్ జరిగేదాకా ఆమె మీకు పరాయి స్త్రీయే. ఆప్యాయంగా పలకరించండి, హద్దు దాటకండి. యువతులారా! ఇష్టం లేకుంటే మౌనంతో వేచి ఉంచక, పెద్దల ద్వారా స్పష్టంగా చెప్పండి.

అల్లాహ్ మన బిడ్డలకు సత్యం పలికే నాలుకను, ఎదుటివారి గౌరవాన్ని కాపాడే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.