గిన్నె మారితే ఓవెన్ లెక్క మారుతుంది

ఓటీజీ అని మనం పిలుచుకునే చిన్న కరెంటు ఓవెన్లు ఇప్పుడు చాలా ఇళ్ళలో కనిపిస్తున్నాయి. వాటిలో కేకు చేసే ఇల్లాళ్ళు తరచుగా ఒక మాట అంటుంటారు. “అదే పిండి, అవే కొలతలు, అదే 180 డిగ్రీల వేడి. అల్యూమినియం టిన్నులో పెడితే చక్కగా వచ్చింది. గాజు గిన్నెలో పెడితే అంచులు మాడిపోయాయి, నడుమ మాత్రం పచ్చిగా ఉండిపోయింది” అని. వెంటనే పిండిని అనుమానిస్తారు, బేకింగ్ పౌడరు పాతదేమో అనుకుంటారు. చాలాసార్లు తేడా వచ్చేది గిన్నె దగ్గర. ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

వేడి వేడి కాఫీని స్టీలు గ్లాసులో పోస్తే వెంటనే వేళ్ళు చురుక్కుమంటాయి. పింగాణీ కప్పులో పోస్తే కప్పు వేడెక్కడానికి కొంచెం సమయం పడుతుంది. లోహం వేడిని త్వరగా అందిస్తుంది. అల్యూమినియం అయితే గాజు కంటే సుమారు 200 రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందుకని పల్చటి అల్యూమినియం టిన్నును ఓవెన్లో పెట్టగానే అది వేడెక్కి, ఆ వేడిని పిండికి చేరవేయడం మొదలుపెడుతుంది. బయటికి తీయగానే అంత త్వరగానూ చల్లారుతుంది.

గాజు, పింగాణీ ఇందుకు వ్యతిరేకం. మట్టిచట్టిలో పులుసు కాచేవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చట్టి వేడెక్కడం ఆలస్యం. ఒకసారి వేడెక్కిందంటే పొయ్యి మీంచి దించిన తరువాత కూడా పులుసు కాసేపు తెర్లుతూనే ఉంటుంది. మందపాటి గాజు గిన్నె ఓవెన్లో చేసేది అదే. మొదటి పది, పన్నెండు నిమిషాలు అది తాను వేడెక్కే పనిలోనే ఉంటుంది. ఆ తరువాత తన వేడిని పట్టుకుని, గోడకు ఆనుకుని ఉన్న పిండిని వదలకుండా కాలుస్తుంది. పైగా ఓవెన్ కడ్డీల నుంచి వచ్చే వేడి కిరణాలలో కొంత భాగం గాజు గుండా నేరుగా పిండికి తగులుతుంది. మెరిసే అల్యూమినియం ఆ కిరణాలను చాలావరకు వెనక్కి కొడుతుంది. నడుమ పిండి ఉడకడం ఆలస్యమవుతుంది కనుక ఓవెన్లో ఎక్కువసేపు ఉంచాలి. ఆ ఎక్కువ సేపట్లో అంచులు మాడతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది.

దీనికి మందు వేడి తగ్గించి, సమయం పెంచడం. ఇంగ్లీషు వంట పుస్తకాల్లో గాజు పాత్రకు 25 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గించమని ఉంటుంది. మన లెక్కలో అది 14 సెల్సియస్ డిగ్రీలు, అంటే ఇంచుమించు 15 అనుకోవచ్చు. సమయం పెంచమన్నారు కదా అని వేడిని మాత్రం అలాగే ఉంచితే మాడు ఇంకా ఎక్కువవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిది అంగుళాల గుండ్రటి అల్యూమినియం టిన్నులో మామూలు కేకు 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాల్లో అవుతుందనుకుందాం. అదే పిండిని అంతే వెడల్పు ఉన్న గాజు గిన్నెలో పోస్తే ఓవెన్ ముల్లు 165 దగ్గర పెట్టాలి. 35 నిమిషాలకు ఒకసారి చూడాలి. అప్పటికి నడుమ ఇంకా వణుకుతూ ఉండవచ్చు, కంగారు పడకూడదు. 40 నుంచి 45 నిమిషాల మధ్య కొబ్బరి ఈనె ఒకటి నడుమ గుచ్చి తీయండి. తడి పిండి అంటకుండా, ఒకటి రెండు పొడి తునకలు మాత్రం అంటితే తీసేయవచ్చు. మిగిలిన కాస్త పని గిన్నెలో దాగిన వేడి చేస్తుంది. గాజు గిన్నెలో కేకు కొంచెం ముందుగా దించడం మంచిది, టిన్నుకు ఆ అవసరం తక్కువ. గాజుతో ఒక సౌకర్యం ఏమిటంటే అడుగు రంగు బయటినుంచే కనిపిస్తుంది.

ఈ లెక్క పిండి లోతు ఒకటే అయినప్పుడు పనిచేస్తుంది. గాజు గిన్నెలు తరచుగా ఇరుకుగా, లోతుగా ఉంటాయి. పిండి అంగుళం ఎత్తు ఉండాల్సింది రెండంగుళాలు ఉంటే సమయం మరింత పెరుగుతుంది. కోడిగుడ్డు తినని ఇళ్ళలో కండెన్స్‌డ్ మిల్క్ వేసి చేసే కేకులతో ఇంకో జాగ్రత్త ఉంది. పాలు, పంచదార ఎక్కువ కనుక అది త్వరగా ఎర్రబడుతుంది. గాజులో దాని అంచులు మరీ తొందరగా నల్లబడతాయి.

లోహాల్లో కూడా రంగును బట్టి తేడా ఉంది. నల్లటి నాన్‌స్టిక్ టిన్ను వేడి కిరణాలను పీల్చుకుంటుంది. అందులో కేకు అడుగు ముదురు రంగు తేలుతుంది. దానికీ 10, 15 డిగ్రీలు తగ్గించవచ్చు. అయితే సమయం పెంచనక్కరలేదు, ఐదు నిమిషాలు ముందుగానే చూడడం మొదలుపెట్టాలి. రొట్టె కాల్చేటప్పుడు మాత్రం నల్లటి టిన్నే మేలు. రొట్టెకు ఎర్రటి పెంకు కావాలి కదా!

పింగాణీ గురించి విడిగా ఎక్కువ చెప్పనక్కరలేదు. గాజు కంటే మందంగా ఉంటే ఇంకా ఐదారు నిమిషాలు పట్టవచ్చు. కేకు కంటే పుడ్డింగుకు, కూరగాయలూ చీజూ వేసి కాల్చే వంటకాలకు అది తగినది. బల్లమీద పెట్టి వడ్డించేదాకా వేడిగా ఉంటుంది.

ఇక సిలికోన్ అచ్చులు. రబ్బరులా మెత్తగా వంగుతాయి. ఇవి గాజు కంటే కూడా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తాయి. కాని పల్చగా ఉంటాయి కాబట్టి గాజులాగా వేడిని దాచుకోలేవు. ఫలితం ఏమిటంటే కేకు ఉడుకుతుంది గాని అంచులు తెల్లగా, మెత్తగా ఉండిపోతాయి. దీనికి వేడి తగ్గించకూడదు. 180 అంటే 180 ఉంచి, నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి. పిండి పోశాక అచ్చును చేత్తో ఎత్తితే వంగి ఒలికిపోతుంది కనుక ముందే లోహపు ట్రే మీద పెట్టి పోయాలి. చిన్న కప్పు కేకులకు ఇది బాగుంటుంది. కరకరలాడే బిస్కెట్టు కావాలంటే మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. ఎంత వేడి తట్టుకుంటుందో అచ్చు మీదో, పెట్టె మీదో రాసి ఉంటుంది. అది మించకూడదు. పై కడ్డీకి తగలకుండా కూడా చూసుకోవాలి.

గాజు విషయంలో మాడడం కంటే పెద్ద ప్రమాదం పగలడం. ఒకవైపు వేడి, మరోవైపు చల్లదనం తగిలితే గాజు ఒకచోట వ్యాకోచించి, ఇంకోచోట అలాగే ఉండిపోతుంది. ఆ ఒత్తిడికి పగిలి ముక్కలు ఎగురుతాయి. బోరోసిలికేట్ గాజు తక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి మామూలు గాజు కంటే దీన్ని బాగా తట్టుకుంటుంది. అదికూడా హద్దు లేకుండా కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెను నేరుగా ఓవెన్లో పెట్టకండి. పిండి బయటి వేడికి వచ్చేదాకా ఆగండి. ఓవెన్ను ముందు పది, పదిహేను నిమిషాలు వేడిచేసిన తరువాతే గాజు గిన్నె పెట్టండి. మొదట్లో కడ్డీలు ఎర్రగా మండుతూ ఉంటాయి, ఆ సెగ గాజుకు నేరుగా తగలడం మంచిది కాదు. పై కడ్డీ మాత్రమే వెలిగే గ్రిల్ కింద గాజు పెట్టనే పెట్టవద్దు.

బయటికి తీశాక మన వంటింటి గ్రానైట్ గట్టు మీద, అందులోనూ తడిగా ఉన్నచోట దించవద్దు. తడి గుడ్డతో పట్టుకోవద్దు. పొడి గుడ్డను నాలుగు మడతలు వేసి దానిమీద పెట్టండి. పది నిమిషాలు అలా ఉంచి అంచుల చుట్టూ చాకు తిప్పితే కేకు ఊడి వస్తుంది. గిన్నె పూర్తిగా చల్లారాకే నీళ్ళలో వేయండి. అప్పటిదాకా పిల్లల చేతికి అందకుండా చూడండి. చల్లటి గాజు, వేడి గాజు చూపుకు ఒకేలా ఉంటాయి.