కట్నం వాటాకు చెల్లా?
(రావులపాలెంలో చర్చా పోటీకి సిద్ధమవుతున్న కళాశాల విద్యార్థినుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పుట్టింటి ఆస్తిలో ఆడపిల్ల వాటా గురించి మీరు ఐదు నిమిషాలు మాట్లాడాలి. దాన్ని ప్రతిపాదన, ఆధారం, ఖండన అనే మూడు భాగాలుగా కట్టుకుందాం.

‘స్త్రీకి ఆస్తిహక్కు ఉండాలి’ అని మొదలుపెడితే ప్రసంగం అక్కడే చప్పబడిపోతుంది. హక్కు చట్టంలో ఉంది, వేదిక మీద దాన్ని కాదనేవాళ్లూ ఉండరు. అసలు తగువంతా ‘కట్నమిచ్చి పంపాం, ఇంకా వాటా ఏమిటి?’ అనే మాటలో ఉంది. కాబట్టి మన ప్రతిపాదన ఇది: ‘కట్నం కూతురి వాటాకు చెల్లు కాదు.’ దీనికి ఎదురుచెప్పేవాళ్లు మన వీధిలోనే దొరుకుతారు. ప్రతిపాదనకు నేను పెట్టే పరీక్ష అదే.

ఇక ఆధారం. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. కాని అప్పటికే పెళ్లయినవాళ్లను ఆ సవరణ వదిలేసింది. 2005 నాటి కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పంపకాలను మాత్రం తిరగదోడలేం. ఈ సంగతి మీరే ముందు చెప్పండి, అవతలివాళ్లు చెబితే మీరు దాచినట్టుంటుంది.

అయితే ఇవన్నీ వాటా ఉందని చెబుతాయి, కట్నం సంగతి చెప్పవు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మన ప్రతిపాదనకు సూటిగా తగిలే ఆధారం 1961 వరకట్న నిషేధ చట్టంలోని 6వ సెక్షన్. కట్నాన్ని ఎవరు పుచ్చుకున్నా మూడు నెలల్లో ఆ స్త్రీకే అప్పగించాలని అది చెబుతుంది. ఆ డబ్బు ఎంతమంది చేతికొచ్చింది?

ఖండనకు అవతలివాళ్ల బలమైన మాటనే తీసుకోండి. ‘కట్నం కోసం అన్నదమ్ములు కొబ్బరితోట తాకట్టు పెట్టారు’ అంటారు. ‘కట్నం నేరం’ అని కసరడం దానికి జవాబు కాదు. ఉమ్మడి తోట మీద చేసిన అప్పు ఆమె వాటా మీద కూడా పడిందని చెప్పండి. ‘అయితే లెక్క చూద్దాం’ అని వాళ్లంటే మంచిదే. లెక్క చూడాలంటే ముందు వాటా ఉందని ఒప్పుకోవాలి కదా!

‘వాటా అడిగితే పుట్టిల్లు దూరమవుతుంది’ అనేది రెండో మాట. దీన్ని కాదనకండి, ఆ భయంతోనే ఎందరో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెడుతున్నారు. కాని లేని హక్కును వదులుకోమని ఎవరూ సంతకం అడగరు. వాళ్లు ఈ మాట ఎత్తకపోతే మీరూ ఎత్తకండి. ఆ అరనిమిషం 6వ సెక్షన్‌ను మరోసారి నిదానంగా చెప్పడానికి పనికొస్తుంది.