ఆలస్యం పోస్టుదా, మనిషిదా?

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీకు ఇష్టమైన మనిషికి రాత్రి తొమ్మిదింటికి ఒక మెసేజ్ పెట్టారు. రెండు టిక్కులూ నీలం రంగులోకి మారాయి, అంటే చూశారు. పదయింది, పదకొండయింది, రిప్లై లేదు. ఆ రెండు గంటల్లో మీ తలలో ఎన్ని కథలు తిరుగుతాయి? కోపమొచ్చిందా? నన్ను పక్కన పెడుతున్నారా? ఇంకెవరితోనన్నా మాట్లాడుతున్నారా?

ఇప్పుడు నలభై ఏళ్లు వెనక్కి వెళ్దాం. మన నిజామాబాద్, బోధన్ చుట్టుపక్కల ఊర్లలో ఒక భార్య తన భర్త జవాబు కోసం నెల రోజులు చూసేది. బెంగ ఉండేది, ఏడుపు కూడా వచ్చేది. కానీ రెండో రోజుకే అనుమానం వచ్చేది కాదు. ఆమెకు మనకన్నా ఓపిక ఎక్కువని కాదు. కారణం వేరే ఉంది, అదే ఇవాళ్టి మాట.

మన దగ్గర ప్రేమ ఉత్తరం అనగానే చాలామందికి 1984లో జంధ్యాల తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' సినిమా గుర్తొస్తుంది. కానీ మన జిల్లాలో ఎక్కువ ఉత్తరాలు నడిచింది పెళ్లయినవాళ్ల మధ్యే. ఎందుకంటే మనది గల్ఫ్ జిల్లా. బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడుస్తున్న రోజుల్లోనే, చుట్టూ చెరుకు పండే ఊర్ల నుంచి మగవాళ్లు దుబాయ్, మస్కట్, సౌదీ పోయారు. పెళ్లయిన ఆరు నెలలకు పోయినవాళ్లున్నారు. రెండేళ్లకోసారి సెలవు. వాళ్ల కాపురంలో ఎక్కువ భాగం కాగితం మీదే నడిచింది. కేరళలో కూడా ఇదే పరిస్థితి. అక్కడ 1970ల్లో గల్ఫ్‌లో ఉన్న భర్తకు భార్య రాసే ఉత్తరం, దానికి ఆయన జవాబు పాటలుగా వచ్చి ఇంటింటా మోగాయి.

ఆ ఉత్తరం ఎట్ల పోయేదో చూడండి. దేశం లోపలికి వాడే ఇన్‌లాండ్ లెటర్ గల్ఫ్‌కు పనికిరాదు. పోస్టాఫీసులో ఏరోగ్రామ్ కొనాలి. అది నీలం రంగు పల్చటి కాగితం. దాని మీదే రాసి, మడిచి, అంటించాలి. లోపల ఫొటో గానీ ఇంకో కాగితం గానీ పెట్టడానికి లేదు. అడ్రస్‌లో ఇంటి నంబరుండదు, కంపెనీ పేరు, పోస్ట్ బాక్స్ నంబరుంటాయి. అది ముందు కంపెనీ ఆఫీసుకు చేరాలి, అక్కణ్ణుంచి ఎవరన్నా లేబర్ క్యాంపుకు తేవాలి. పోవడానికి పది పదిహేను రోజులు, జవాబు రావడానికి మళ్లీ అన్ని రోజులు. ఎవరన్నా సెలవు మీద వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు, అది కొంచెం తొందర.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా వాడకట్టులో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లకు ఉత్తరాలు రాసిచ్చేవాణ్ణి. వాళ్లు చెప్తుంటే నేను రాసేది. అప్పుడు నాకర్థం కాలేదు గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఒకటి స్పష్టంగా కనపడుతది. వాళ్లు ఎప్పుడూ "తిన్నవా?" అని రాయించలేదు. ఎందుకు రాయిస్తారు? ఆ ప్రశ్న చేరేసరికి పదిహేను రోజులు, జవాబొచ్చేసరికి నెల. నెల కిందటి అన్నం సంగతి ఇప్పుడెందుకు?

అందుకే ఉత్తరంలో నెల తర్వాత కూడా బతికుండే ప్రశ్నలే ఉండేవి. "వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటవా, వచ్చేస్తవా?" "చెరుకు బిల్లు వస్తే అప్పు కడదామా, ఇంటి మీద రేకులు మారుద్దామా?" "చేతి మీద దెబ్బ తగిలిందని రాసినవు, బరువు ఎత్తగల్గుతున్నవా?" అట్లాంటి ప్రశ్న తయారు కావాలంటే ఎదుటి మనిషి గురించి రోజుల తరబడి ఆలోచించాలి. ఏరోగ్రామ్ కొనకముందే ఉత్తరం మనసులో సగం రాసి ఉండేది. పొలంలో ఏదన్నా జరిగితే "ఇది ఆయనకు చెప్పాలె" అని దాచుకునేవాళ్లు. పదిహేను రోజుల్లో జరిగినవాటిలో ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి అని వాళ్లే ఏరుకునేవాళ్లు. మనం చాట్‌లో అట్లా ఏరము. జరిగింది జరిగినట్టే పంపిస్తాం, సాయంత్రం కలిసినప్పుడు చెప్పడానికేం మిగలదు.

ఒక చదువురాని భార్య పన్నెండేళ్ల పిల్లగాడితో ప్రేమ మాటలు ఎట్ల రాయిస్తది? రాయించదు. అందుకే "మీరు పెట్టిన జామచెట్టు ఈసారి కాసింది, పిల్లలను కోయనిస్తలేను" అని రాయించింది ఒకామె. నేను అది జామచెట్టు సంగతే అనుకున్నా. ఆయనకు మాత్రం అర్థమయ్యే ఉంటది.

ఇక అసలు మాటకొద్దాం. ఉత్తరాల్లో గొడవలు కూడా అయ్యేవి. ఒక లెక్క చూడండి. ఆమె 5వ తారీఖున కోపంగా రాసింది, "రెండు నెలల నుంచి పైసలు పంపలేదు" అని. ఆయన 3వ తారీఖునే రాసి పోస్టు చేశాడు, "జీతం ఆగింది, వచ్చే నెల డ్రాఫ్ట్ పంపుతా" అని. రెండు ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయినయి. 18న ఆమెకు ఆయన ఉత్తరం అందింది. అందులో తన కోపానికి జవాబు లేదు. మరి ఆయన పట్టించుకోలేదా? కాదు. ఉత్తరం పైన తారీఖు చూస్తే తెలిసిపోయేది, ఇది నా ఉత్తరం చూడకముందు రాసిందని. అందుకే పాత ఉత్తరాలన్నీ "మీరు ఫలానా తారీఖున రాసిన ఉత్తరం అందినది" అని మొదలయ్యేవి. అది మర్యాద మాటే కాదు, దేనికి జవాబిస్తున్నామో చెప్పే గుర్తు.

అంటే ఆలస్యానికి ఒక పేరుండేది. అది పోస్టు ఆలస్యం, మనిషి ఆలస్యం కాదు. చాట్‌లో దారి ఆలస్యం దాదాపు లేదు. కాబట్టి మిగిలిన ఆలస్యమంతా మనిషి ఖాతాలో పడుతుంది. 2014 నవంబర్‌లో వాట్సాప్ నీలం టిక్కులు తెచ్చాక "చూడలేదేమో" అనుకునే ఆ కొంచెం సందు కూడా పోయింది. చూసి జవాబియ్యలేదంటే కావాలనే ఇయ్యలేదని మనమే తీర్పు చెప్పేస్తున్నాం. అవతల మనిషి బస్సులో ఉండొచ్చు, అమ్మ పక్కన కూర్చొని ఉండొచ్చు, లేదా మీ మాటకు సరైన జవాబు వెతుక్కుంటూ ఉండొచ్చు.

అట్లని ఉత్తరాల కాలం అంతా మంచిదే అని నేననను. ఆ ఆలస్యం మోసాన్ని కూడా దాచింది. కొందరు మగవాళ్లు అక్కడ రాయడమే మానేశారు. ఇక్కడ భార్య పోస్టు ఆలస్యమే అనుకుంటూ నెలలు గడిపింది. ఎట్ల తెలిసేది? అదే కంపెనీలో ఉన్న పక్కింటాయన ఉత్తరాలు రెండు వచ్చి, తనకు ఒక్కటీ రాకపోతే అప్పుడు తెలిసేది. జ్వరమొచ్చినా, పురుడొచ్చినా కబురు తెలియడానికి రోజులు పట్టేది. ఇవాళ దుబాయ్‌లో ఉన్న నాన్న బిడ్డ మొదటి అడుగును వీడియో కాల్‌లో చూస్తున్నాడు. దాన్ని వదులుకొని ఏరోగ్రామ్‌కు పొమ్మని ఎవరంటారు?

కానీ ఒకటి మాత్రం తిరిగి తెచ్చుకోవచ్చు, ఆలస్యానికి పేరు పెట్టడం. ముఖ్యమైన మాట వచ్చినప్పుడు "చదివిన, రేపు సాయంత్రం కూర్చొని రాస్తా" అని ఒక్క లైను పెట్టండి. "మీ ఉత్తరం అందినది" అన్న మాట చేసిన పనే ఇది చేస్తుంది. అవతల మనిషి రాత్రంతా కథలు అల్లుకోరు, మీకూ ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది. తర్వాత రాసేటప్పుడు ముక్కలు ముక్కలుగా పదిహేను మెసేజ్‌లు కాకుండా ఒక్కటే రాయండి. వాళ్లు అడిగిన ప్రతి మాటకూ అందులో జవాబుండాలి. మీరడిగే ప్రశ్నల్లో ఒక్కటన్నా వచ్చే నెల చదివినా అర్థముండేది కావాలి.

మీ ఇంట్లో ట్రంకు పెట్టెలో అట్లాంటి నీలం కాగితాలు ఉంటే, వాళ్లు ఒప్పుకుంటేనే చదవండి. పైన తారీఖులు చూసి, ఏ ఉత్తరానికి ఏది జవాబో వరుస పెట్టి చూడండి. అందులో మీకేం కనిపించిందో కామెంట్‌లో రాయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.