కడుపులో బిడ్డ మెదడుకు అయోడిన్ ఉప్పు



మన గొంతు ముందు భాగంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. ఎదుగుదలకు, మెదడుకు కావాల్సిన హార్మోన్‌ను అది అయోడిన్‌తోనే తయారు చేస్తుంది. అయోడిన్ చాలకపోతే గ్రంథి ఉబ్బి, గొంతు దగ్గర వాపు కనిపిస్తుంది.

కడుపులో బిడ్డకు మొదటి మూడు నెలలు ఈ హార్మోన్ తల్లి నుంచే అందాల. అప్పుడు బాగా తక్కువైతే బిడ్డ ఎదగక, బుద్ధి వికసించక, చెవుడుతో పుట్టొచ్చు. ఆ నష్టం తర్వాత ఉప్పు మార్చినా పోదు.

గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాములు చాలు, ఆవగింజ బరువు కన్నా చాలా తక్కువ. విడిగా అమ్మే కల్లుప్పులో అది ఉండకపోవచ్చు. ప్యాకెట్ మీద ‘అయోడైజ్డ్’ అని, నవ్వే సూర్యుడి బొమ్మ ఉందేమో చూడండి. తడి, ఎండ తగలకుండా మూత పెట్టండి. ఉప్పు ఎక్కువ తినమని కాదు, మార్చమని చెబుతున్నాం. గొంతు వాపు ఉంటే మాత్రం డాక్టరుకు చూపించండి.