మూతి వంకర పోతే ముందు గడియారం చూడాలె
(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



ఒక ముచ్చట అనుకుందాం. ఎల్లారెడ్డి దగ్గరి ఊర్లో ఒక అక్క పొద్దున 6:30కి చాట ముందర పెట్టుకొని బీడీలు చేస్తున్నది. కోడలుతో మంచిగనే మాట్లాడింది. పది నిమిషాలకు చేతిలోని ఆకు జారి పడ్డది. తీయబోతే చెయ్యి లేస్తలేదు. మూతి ఒక దిక్కు గుంజింది, మాట ముద్దముద్దగా వస్తున్నది.

కోడలు మూడు పనులు చెప్పి చూడాలె. "అత్తమ్మా, నవ్వు" అనాలె, మూతి ఒక పక్క జారుతదా? "రెండు చేతులు ముందరికి చాపు" అనాలె, ఒకటి కిందికి వాలుతదా? "రేపు మన సంఘం మీటింగు ఉంది" అని పలకమనాలె, మాట తడబడుతదా? మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా పక్షవాతమని అనుమానించి 108కి ఫోన్ చేయాలె.

ఎందుకింత తొందర? మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డం పడితే, ప్రతి నిమిషం మెదడు కణాలు లక్షల్లో చనిపోతయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ దాన్ని నాలుగున్నర గంటల లోపే ఇస్తరు. ఎంత ముందు ఇస్తే అంత మేలు. ఈ లెక్క మనిషి చివరిసారి మంచిగ ఉన్న సమయం నుంచి మొదలైతది. మన అక్కకు 6:30 నుంచి లెక్క, అంటే 11 గంటలకు గడువు అయిపోతది. నిద్రలేచేసరికే చెయ్యి పడిపోతే, రాత్రి ఎప్పుడు మంచిగ ఉందో అదే చెప్పాలె. గడువు దాటినా ఆసుపత్రికి పోవుడు మానొద్దు, వేరే వైద్యం ఉంటది.

ఇంజెక్షన్‌కు ముందు సీటీ స్కాన్ తప్పదు. కొందరికి గడ్డ కాదు, నరం చిట్లి మెదడులో రక్తం కారుతది. వాళ్లకు ఇదే ఇంజెక్షన్ ప్రాణం తీస్తది. పైకి చూసి ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. అందుకే సీటీ స్కాన్, ఈ ఇంజెక్షన్ రెండూ ఉన్న ఆసుపత్రికే తీసుకపొమ్మని 108 వాళ్లను అడగాలె. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికే గంట దాకా పడుతది, అక్కడి నుంచి హైదరాబాద్ 100 కిలోమీటర్ల పైనే. పొలం పోయిన మామ వచ్చేదాకా ఆగితే 9 అయితది. పసరు మందుకు పోతే 10 దాటుతది.

నోట్ల పసరు గానీ, నీళ్లు గానీ పోయొద్దు. మింగుడు సరిగ పడక ఊపిరితిత్తుల్లోకి పోతయి. ఆస్పిరిన్ గోళీ, బీపీ గోళీ సొంతంగా వేయొద్దు. పక్కకు తిప్పి పండుకోబెట్టాలె. రోజూ వాడే మందుల చీటీ వెంట తీసుకపోవాలె.

ఒక్కోసారి పది నిమిషాల్లో చెయ్యి మళ్ల లేస్తది, మాట వస్తది. "తగ్గింది గదా" అని ఇంట్ల ఉండొద్దు. అది పెద్ద దెబ్బకు ముందొచ్చే హెచ్చరిక, ఆ రోజే పోవాలె.

ఆసుపత్రి గడప తొక్కంగనే చెప్పాల్సిన మొదటి మాట ఒకటే: "6:30 దాకా మంచిగనే ఉండె."