చెంప మీద ఆకుపచ్చ పడితే ఫిల్టర్ వేయకండి, ఇలా తీయండి

ఈరోజు ఒకే ఒక్క ఫోటో చూద్దాం. ఓణీల ఫంక్షన్‌లో తీసింది. అమ్మాయి అరటిచెట్ల పక్కన నిలబడింది. నుదురు బాగానే ఉంది కానీ, చెట్లవైపు ఉన్న ఎడమ చెంప, దవడ కింద భాగం పచ్చగా కొడుతున్నాయి. ఇంట్లోవాళ్లు "పిల్లకి కామెర్లా ఏంటి?" అన్నారట.

ఇది కెమెరా తప్పు కాదు. ఎండ ఆకుల మీద పడి, ఆకుపచ్చ వెలుగై చెంప మీదికి తిరిగొచ్చింది. నేరుగా వెలుగు తగిలే నుదుటి మీద అది కనబడదు, నీడలో ఉన్న చెంప మీద కనబడుతుంది.

చాలామంది ఇక్కడ బ్యూటీ ఫిల్టర్ వేస్తారు. పచ్చదనంతో పాటు ఆ అమ్మాయి చామనఛాయ కూడా పోతుంది. ఇంకొందరు ఫోటో మొత్తానికి రంగు మారుస్తారు. అప్పుడు చెంప సరిపోతుంది, నుదురు గులాబీ అయిపోతుంది. మచ్చ ఒకచోట ఉంటే మందు కూడా అక్కడే వేయాలి కదా.

Snapseed ఓపెన్ చేయండి. Tools లో White Balance తీసుకోండి. Tint ని ఆకుపచ్చకు ఎదురుగా, అంటే గులాబీ వైపు కొద్దికొద్దిగా జరపండి. చూపు చెంప మీదే ఉంచండి. మిగతా ముఖం గులాబీ అయినా కంగారు పడొద్దు. చెంప రంగు నుదుటి రంగుకి దగ్గరవగానే ఆపి, టిక్ కొట్టండి.

ఇప్పుడు View edits లోకి వెళ్లి, White Balance మీద నొక్కి, బ్రష్ గుర్తు ఎంచుకోండి. మార్పు మొత్తం మాయమవుతుంది. మీరు వేలితో రుద్దిన చోటే తిరిగొస్తుంది. చెంప మధ్యలో 100 పెట్టి రుద్దండి. ముక్కువైపు వచ్చేసరికి 50, తర్వాత 25కి దించండి. లేకపోతే గీత గీసినట్టు అంచు కనబడుతుంది. జూమ్ చేస్తే బ్రష్ సన్నబడుతుంది, దవడ అంచుకి అది పనికొస్తుంది. ఆకుల మీదికి మాత్రం పోనివ్వకండి.

ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? చెంప వంకాయ రంగులోకి తిరిగితే ఎక్కువైనట్టే. ఆ పక్క కంటి తెల్లగుడ్డు కూడా చూడండి. అది పచ్చగా ఉంటే అక్కడా కొంచెం రుద్దండి.

ఇటుక గోడ దగ్గర పడే నారింజ రంగుకీ పద్ధతి ఇదే, కానీ Tint బదులు Temperature ని నీలం వైపు జరపాలి. ఇక్కడ జాగ్రత్త. మన చర్మంలోనే నారింజ ఛాయ ఉంటుంది. మొత్తం తీసేస్తే చెంప బూడిద పూసినట్టవుతుంది. సగం తీసి వదిలేయండి. మంగళస్నానాల ఫోటోలో నిజంగా పూసిన పసుపుని అసలు ముట్టుకోవద్దు.

ఫోటో తీసేటప్పుడే మనిషిని చెట్టు నుంచి నాలుగడుగులు దూరం జరిపితే ఈ పనిలో చాలా భాగం తప్పుతుంది. జరిపే చోటు లేకపోతే, ఫ్రేమ్‌లోకి రాకుండా ఆకులకీ చెంపకీ మధ్య ఒక తెల్ల తువ్వాలు పట్టించండి. మీ దగ్గర ఇలాంటి ఫోటో ఉంటే ఇప్పుడే ట్రై చేయండి.